మా ఏసీ రిపేరు షాపు వెబ్‌సైటుకు వాట్సాప్, కాల్ బటన్లు పెట్టాక ఏం మారింది: నా అనుభవం

కడపలో మాది ఏసీ, ఫ్రిజ్, వాషింగ్ మిషన్ రిపేరు షాపు. మా ఆయన, మా మరిది పనికి బయట తిరుగుతారు. ఫోన్లు, లెక్కలు, స్పేర్ పార్టులు తెప్పించడం నేను చూసుకుంటాను. మాకు రెండేళ్లుగా ఒక చిన్న వెబ్‌సైటు ఉంది. ఈ ఫిబ్రవరి చివర్లో దానికి వాట్సాప్ బటన్, నొక్కితే ఫోన్ కలిసే బటన్ పెట్టించే పని మొదలుపెట్టాం. ఒక ఎండాకాలం మొత్తం గడిచింది కాబట్టి ఇప్పుడు చెప్పడానికి కొంత సరుకుంది. బటన్ పెట్టడం నిజంగా చిన్న పనే. కానీ దాని చుట్టూ ఉన్న చిన్న చిన్న విషయాలు మాకు ముందు ఎవరూ చెప్పలేదు. మాలాంటి షాపులు నడిపేవాళ్లకు పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

అంతకు ముందు మా సైటు ఎలా ఉండేదంటే, పైన పెద్ద బ్యానరు, అందులో ఏసీ బొమ్మ, పక్కన పెద్ద అక్షరాల్లో మా ఫోన్ నంబరు. చూడ్డానికి బాగానే ఉండేది. కానీ ఆ నంబరు బొమ్మలో భాగం. వేలితో నొక్కితే ఏమీ కాదు, నొక్కి పట్టుకుంటే కాపీ కూడా కాదు. శంకరాపురం నుంచి ఒక పెద్దాయన వచ్చినప్పుడు ఈ సంగతి బయటపడింది. ఫోన్లో మా సైటు చూసి, నంబరును పేపరు అంచు మీద రాసుకుని, మళ్లీ డయల్ చేశారట. "అమ్మా, నాకంటే ఓపికుంది, అందరికీ ఉంటుందా?" అన్నారు. కింద ఒక ఫారం కూడా ఉండేది. పేరు, మెయిల్, ఫోన్, సమస్య అని నాలుగు గళ్లు. అది నింపితే మా జీమెయిల్‌కు వస్తుంది. నెలకు రెండో మూడో వచ్చేవి, వాటిలో ఒకటి స్పామ్‌లో పడేది. ఫ్రిజ్ ఆగిపోయిన మనిషి ఫారం నింపి మనం ఎప్పుడు చూస్తామా అని కూర్చోడు కదా, ఇంకో షాపుకు ఫోన్ చేస్తాడు.

సైటు చేసిన అబ్బాయి మా వీధిలోవాడే, ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం. ముందు బయట ఒకరిని అడిగితే 4,000 అన్నారు. ఈ అబ్బాయిని అడిగితే "అక్కా, రెండు లైన్ల పని, 1,500 ఇవ్వండి చాలు, కాకపోతే శని, ఆదివారాలే కూర్చోగలను" అన్నాడు. ఆ మాటలోనే అసలు ఆలస్యం ఉంది. పని ఒక పూటదే అయినా, ఒక మార్పు చెప్తే మళ్లీ వచ్చే శనివారం దాకా ఆగాలి. ఫిబ్రవరి చివర్లో మొదలైన పని మాకు నచ్చిన రూపానికి వచ్చేసరికి ఉగాది దాటిపోయింది. ఏసీల సీజన్ మార్చిలోనే మొదలవుతుంది కాబట్టి ఆ నెలంతా నాకు టెన్షన్‌గానే గడిచింది. పెట్టించుకోవాలనుకునేవాళ్లు సంక్రాంతి తర్వాతే మొదలుపెట్టండి.

అన్నింటికంటే ముందు తేల్చుకోవాల్సింది ఏ నంబరు ఇవ్వాలన్నది. మా ఆయనది పాత బీఎస్ఎన్ఎల్ నంబరు, 94తో మొదలవుతుంది. ఊళ్లో పాత కస్టమర్లందరి దగ్గరా అదే ఉంది. వాట్సాప్‌కు మాత్రం నా పేరు మీద కొత్త సిమ్ తీసుకుందామని మొదట అనుకున్నాం. అబ్బాయే వద్దన్నాడు. "కాల్‌కు ఒక నంబరు, వాట్సాప్‌కు ఒక నంబరు పెడితే, కాల్ చేసినవాళ్లు ఫోటోలు కాల్ చేసిన నంబరుకే పంపుతారక్కా. సగం అన్న ఫోన్లో, సగం మీ ఫోన్లో ఉంటాయి" అన్నాడు. మాట నిజమే అనిపించింది. అందుకని మా ఆయన నంబరునే మామూలు వాట్సాప్ నుంచి వాట్సాప్ బిజినెస్‌కు మార్చాం. ఒక నంబరు రెండింట్లో ఒకేసారి ఉండదు. బిజినెస్ యాప్‌లో ఆ నంబరు ఎక్కించగానే మామూలు వాట్సాప్‌లోంచి అది బయటికొచ్చేస్తుంది. అదే ఫోన్లో మార్చాం కాబట్టి పాత చాట్లు యాప్ అడిగి తీసుకుంది, అయినా ముందే బ్యాకప్ తీసుకున్నాం. యాప్‌కు డబ్బులేమీ లేవు.

తర్వాత సెట్టింగ్స్‌లో లింక్డ్ డివైసెస్ నుంచి నా ఫోన్ కూడా దానికి కలిపాం. ఇప్పుడు మా ఆయన ఎర్రముక్కపల్లెలో నిచ్చెన మీద ఉన్నా, షాపులో కూర్చుని అదే నంబరు నుంచి నేను జవాబిస్తాను. ఒక్కటి గుర్తుపెట్టుకోవాలి: అసలు ఫోన్లో 14 రోజులు వాట్సాప్ తెరవకపోతే కలిపిన ఫోన్లు వాటంతట అవే లాగౌట్ అవుతాయి. మాకు ఆ ఇబ్బంది రాలేదు, ఆయన రోజూ తెరుస్తారు. ఇబ్బందల్లా ఆయన స్నేహితుల గ్రూపులు, బంధువుల గ్రూపులు కూడా నా ఫోన్లోకి రావడం. కస్టమరు మెసేజ్ వాటి మధ్య కిందికి వెళ్లిపోయేది. చివరికి ఆయన సొంతానికి వేరే సిమ్ తీసుకుని గ్రూపులన్నీ అందులోకి మార్చుకున్నారు. కొత్త సిమ్ ఖర్చు ఎలాగూ తప్పలేదు, కాకపోతే అది సరైన వైపు పడింది.

మార్చి మొదటి వారాంతం బటన్లు పెట్టాడు. కుడివైపు కింద ఆకుపచ్చ గుండ్రటి వాట్సాప్ బొమ్మ, పైన కాల్ బటన్. ఆ రోజు సాయంత్రమే సైటు నుంచి కాల్ వచ్చింది, సంతోషించాం. కానీ వారం గడిచినా వాట్సాప్‌లో ఒక్క మెసేజ్ లేదు. జనానికి ఇష్టం లేదేమో, ఫోనే చేస్తారేమో అని మా మరిది అన్నాడు. నాకు నమ్మకం కుదరలేదు. మా చెల్లెలు ప్రొద్దుటూరులో ఉంటుంది, దాని ఫోన్ నుంచి నొక్కి చూడమన్నాను. ఆ నంబరు సరైనది కాదని వాట్సాప్ చూపించింది. అబ్బాయి కాల్ లింకులో, వాట్సాప్ లింకులో రెండింట్లోనూ మా పదంకెల నంబరు మాత్రమే పెట్టాడు. కాల్‌కు అది సరిపోతుంది, మన దేశంలో ఉన్న ఫోన్ పదంకెలకే కలుపుతుంది. వాట్సాప్ లింకు మాత్రం మొదటి అంకెలను దేశం కోడ్‌గా తీసుకుంటుంది. మా నంబరు 94తో మొదలవుతుంది, 94 శ్రీలంక కోడ్. అంటే మా బటన్ నొక్కినవాళ్లందరినీ అది శ్రీలంకలో లేని నంబరుకు పంపుతోంది! నంబరు ముందు 91 పెట్టాలి, ప్లస్ గుర్తు, సున్నా, మధ్యలో గీతలు ఏవీ ఉండకూడదు. సరైన రూపం ఇది:

```
<a href="tel:+91XXXXXXXXXX">ఫోన్ చేయండి</a>
<a href="https://wa.me/91XXXXXXXXXX">వాట్సాప్</a>
```

పైదాంట్లో ప్లస్ ఉంటుంది, కిందిదాంట్లో ఉండదు. ఈ ఒక్క తేడా వల్ల మార్చిలో ఎంతమంది వెనక్కి వెళ్లిపోయారో తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. అందుకే బటన్ పెట్టిన రోజే, మీ నంబరు సేవ్ చేసుకోని ఫోన్ నుంచి నొక్కి, మెసేజ్ పంపి, అది మీకు చేరిందా లేదా చూసుకోండి. కాల్ వచ్చింది కదా అని వాట్సాప్ కూడా పనిచేస్తోందని అనుకోవద్దు.

91 పెట్టాక మెసేజ్‌లు మొదలయ్యాయి. అప్పుడు ఇంకో సమస్య. అబ్బాయి సైటులో నొక్కుళ్లు లెక్కపెట్టే ఏర్పాటు చేశాడు. గూగుల్ అనలిటిక్స్‌లో వాట్సాప్ లింకు బయటి సైటుకు వెళ్లే లింకు కాబట్టి దాని లెక్క దానంతటదే వస్తుంది, కాల్ లింకుకు మాత్రం చిన్న కోడ్ విడిగా రాయాలట. రాశాడు. చూస్తే వాట్సాప్ బటన్ నొక్కినవాళ్లు మాకొచ్చిన మెసేజ్‌లకు రెట్టింపు కంటే ఎక్కువున్నారు. సగం మంది ఏమైపోయారు? కొంత కారణం బటన్ ఉన్న చోటే. ఆ గుండ్రటి బొమ్మ సరిగ్గా బొటనవేలు పేజీని జరిపే చోట ఉంది. చదువుతూ పైకి జరపబోయి నొక్కేసేవాళ్లు, వాట్సాప్ తెరుచుకోగానే వెనక్కి వచ్చేసేవాళ్లు. పైగా అది రేట్ల పట్టికలో కుడివైపు అంకెలను కప్పేసింది. నేను షాపుకు వచ్చినవాళ్ల చేతికి ఫోన్ ఇచ్చి చూడమని చెప్పి, పక్కన నిలబడి గమనించాను. అప్పుడే ఇది కనిపించింది, లెక్కల్లో కనిపించేది కాదు.

దాన్ని తీసేయించి, స్క్రీన్ అడుగున వెడల్పుగా ఒక పట్టీ పెట్టించాం. ఎడమ సగం "ఫోన్ చేయండి", కుడి సగం "వాట్సాప్‌లో ఫోటో పంపండి". బొమ్మ ఒక్కటే కాకుండా మాటలు కూడా ఉండాలని నేనే పట్టుబట్టాను. పేజీ అడుగున ఉన్న చిరునామా ఆ పట్టీ కిందికి పోకుండా అంత ఖాళీ కూడా వదిలించాం. కాల్ విషయంలోనూ నొక్కుళ్లకు, కాల్స్‌కు తేడా ఉంటుంది. ఆ బటన్ నొక్కితే నేరుగా కాల్ వెళ్లదు, డయలర్‌లో నంబరు పడుతుంది, మళ్లీ ఆకుపచ్చ గుర్తు నొక్కాలి. ఆఫీసు కంప్యూటర్‌లో నొక్కితే ఏ యాప్‌తో తెరవాలని ఏదో పెట్టె అడుగుతుంది, చాలామందికి అది అర్థం కాదు. అందుకని నంబరును మామూలు అక్షరాల్లో కూడా పైన రాయించాం.

మిగిలిన కారణం నాకు అన్నింటికంటే ముఖ్యమైనదిగా తోచింది. వాట్సాప్ తెరుచుకున్నాక మనిషి ఏం రాయాలి? మొదట బటన్‌తోపాటు ఇంగ్లీషులో "మీ సేవల మీద ఆసక్తి ఉంది" అనే అర్థం వచ్చే వాక్యం ముందే రాసి ఉండేది. ఎక్కడో దొరికిన నమూనా అట. కొందరు దాన్ని అలాగే పంపేవాళ్లు. నేను "చెప్పండి సార్, ఏం ప్రాబ్లం?" అంటే జవాబు సాయంత్రానికి వచ్చేది. అప్పటికి నేను వేరే పనిలో ఉండేదాన్ని. ఏసీయా, ఫ్రిజ్జా, ఊరు ఏది అని తెలుసుకోవడానికే ఒక రోజు పట్టేది. కొందరు ఒట్టి "హాయ్" పెట్టి మాయమయ్యేవాళ్లు.

అబ్బాయితో ఒక ఆదివారం కూర్చుని ఆ వాక్యాన్ని తెలుగులోకి, అదీ ఒక్కో పేజీకి ఒక్కోలా మార్చాం. ఏసీ పేజీలో నొక్కితే ఇలా వస్తుంది: "ఏసీ రిపేరు కావాలి", దాని కింద "ఏరియా:", దాని కింద "సమస్య:". వాషింగ్ మిషన్ పేజీలో అయితే మొదటి వరుస మారుతుంది. లింకులో దాన్ని ఇలా రాస్తారు, వరుస మారాల్సిన చోట %0A పెట్టాలి:

```
https://wa.me/91XXXXXXXXXX?text=ఏసీ రిపేరు కావాలి%0Aఏరియా:%0Aసమస్య:
```

తెలుగు అక్షరాలు అలాగే పెట్టినా బ్రౌజర్ తనే మార్చుకుంటుంది. అందరి ఫోన్లలోనూ ఒకేలా వెళ్లాలంటే ముందే మార్చి పెట్టుకోవడం మేలని ఖాళీలతో సహా మొత్తాన్ని మార్చే పెట్టాడు. అలా మారిస్తే లింకు చాలా పొడవుగా, శాతం గుర్తులతో కనిపిస్తుంది, కంగారు పడనక్కర్లేదు. ఒక్క జాగ్రత్త మాత్రం కావాలి. సైటు మొదటి పేజీకి "ఏసీ & ఫ్రిజ్ రిపేరు" అని రాసి చూశాం. మెసేజ్‌లో "ఏసీ" అని మాత్రమే పడింది. ఆ & గుర్తు దగ్గర లింకు మాటను తెంచేస్తుంది. దాని బదులు %26 రాయాలి, లేదా హాయిగా "మరియు" అని రాసుకోవచ్చు.

ఆ ఖాళీలను అందరూ నింపుతారని కాదు. ఖాళీగా వదిలి పంపేవాళ్లు ఇప్పటికీ చాలామంది. అయినా మొదటి వరుస చూడగానే ఏ మిషన్ సంగతో తెలుస్తుంది, సైటు నుంచి వచ్చారని కూడా తెలుస్తుంది. గోడ మీద బోర్డు చూసి వచ్చినవాళ్ల మెసేజ్‌లో ఆ వరుస ఉండదు. నా లెక్కల పుస్తకానికి అంతకంటే పెద్ద ఏర్పాటు అక్కర్లేకపోయింది.

బిజినెస్ యాప్‌లో మొదటిసారి మెసేజ్ చేసినవాళ్లకు దానంతటదే వెళ్లే పలకరింపు పెట్టుకోవచ్చు. 14 రోజులు మాటల్లేకుండా ఉండి మళ్లీ మెసేజ్ చేసినవాళ్లకు కూడా వెళ్తుంది. మేము పెట్టింది: "నమస్కారం. మిషన్ మీదున్న స్టిక్కరు ఫోటో, మీ ఏరియా పేరు పంపండి. విజిటింగ్ చార్జీ 300. అర్జెంటైతే ఇదే నంబరుకు ఫోన్ చేయండి." విజిటింగ్ చార్జీ ముందే చెప్పడం మా మరిదికి ఇష్టం లేదు, జనం పారిపోతారన్నాడు. కొందరు పోయారు, నిజమే. కానీ ఇంటికి వెళ్లి చూసొచ్చాక ఆ 300 దగ్గర జరిగే వాదన పోయింది. నాకు అదే మేలనిపించింది.

స్టిక్కరు ఫోటో గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మా పనిలో అసలు మార్పు అక్కడే వచ్చింది. ఏసీ మీద ఉండే ఆ స్టిక్కరులో మోడల్, ఎన్ని టన్నులు, ఏ గ్యాస్ అన్నీ ఉంటాయి. పాతవాటిలో R22, కొత్తవాటిలో ఎక్కువగా R32, మధ్యలో వచ్చినవాటిలో R410A. ఇవి ఒకదానికి ఒకటి పనికిరావు. ఫోన్లో అడిగితే కస్టమరుకు కంపెనీ పేరు తప్ప ఇంకేం తెలుస్తుంది? వెళ్లి చూసి, మళ్లీ షాపుకు వచ్చి, సరైన సిలిండరో పార్టో తీసుకుని వెళ్లేవాళ్లు. కడప టౌన్‌లో అయితే పెట్రోలుతో పోయేది. బయటి ఊళ్లయితే ఒక పూట పోయేది.

ఏప్రిల్ మధ్యలో ఎర్రగుంట్ల నుంచి ఒకాయన మెసేజ్ పెట్టాడు. రాయలేదు, వాయిస్ పంపాడు. "అన్నా, ఏసీ ఆన్ అయితాది, గాలి వస్తాది గానీ సల్లగా రాలేదు. బయట డబ్బా గుర్ర్‌మని నిలబడిపోతాంది." నేను స్టిక్కరు ఫోటో, బయటి యూనిట్ ఆన్ అయ్యేటప్పటి వీడియో అడిగాను. రెండూ పంపాడు. ఒకటిన్నర టన్నుల పాత మోడల్, ఇన్వర్టర్ కాదు. వీడియోలో ఫ్యాన్ తిరుగుతోంది, కంప్రెసర్ ఒక్క క్షణం గుర్రుమని, టక్‌మని ఆగుతోంది. మా ఆయన మధ్యాహ్నం భోజనానికి వచ్చి, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఆ చప్పుడు మళ్లీ మళ్లీ విన్నారు. "కెపాసిటర్ పోయుంటాది, కాకపోతే కంప్రెసరే" అన్నారు. కెపాసిటర్ ఎంత విలువదో బయటి స్టిక్కరులో దొరకలేదు. అందుకని 45, 50 మైక్రోఫారడ్‌లు రెండూ సంచిలో పెట్టుకుని వెళ్లారు. 50ది పట్టింది. ఏసీ ఆడింది. ఎర్రగుంట్ల మాకు నలభై కిలోమీటర్లు, రెండుసార్లు తిరిగుంటే ఆ పనిలో మిగిలేది ఏమీ లేదు.

ఇక్కడ మా ఆయన గట్టిగా పెట్టిన నియమం ఒకటుంది. ఫోటో కోసం కస్టమరును బయటి యూనిట్ మూత విప్పమని ఎప్పుడూ అడగకూడదు. కరెంటు తీసేసినా కెపాసిటర్‌లో చార్జ్ మిగిలి ఉంటుంది, వేలు తగిలితే గట్టిగా కొడుతుంది. పైనుంచి కనిపించే స్టిక్కరు, వీడియో, అంతే.

వాషింగ్ మిషన్ల సంగతి వేరు. వాటిలో చాలావరకు డిస్‌ప్లే మీద రెండక్షరాలు వస్తాయి, కస్టమర్లు ఆ ఫోటోనే పంపుతారు. ఎన్జీవో కాలనీ నుంచి ఒక టీచరు IE అని వచ్చిన ఫోటో పంపారు. ఆ మోడల్‌లో దానర్థం మిషన్‌లోకి నీళ్లు రావడం లేదని. అన్ని కంపెనీలకూ ఒకే అర్థం ఉండదు కాబట్టి దీనికి కూడా స్టిక్కరు చూస్తాం. మా ఊరి బోరు నీళ్లు ఎంత ఉప్పో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. మిషన్ వెనక పైపు బిగించే చోట చిన్న ప్లాస్టిక్ జాలీ ఉంటుంది, అది సున్నం, ఇసుకతో మూసుకుపోతుంది. నేను ఆమెకు రాశాను: "మేడం, ప్లగ్ తీసేయండి, కొళాయి కట్టేయండి, వెనక పైపు చేత్తో తిప్పితే వస్తుంది. లోపల జాలీ కనిపిస్తుంది, పట్టకారుతో మెల్లగా లాగి పాత బ్రష్‌తో కడగండి." అరగంటకు ఫోటో వచ్చింది. జాలీ మీద తెల్లగా పేరుకుని రంధ్రమే కనబడటం లేదు. కడిగి పెట్టాక మిషన్ తిరిగిందని రాశారు. మాకు రూపాయి రాలేదు.

"వదినా, ఇట్లా అందరికీ చెప్పుకుంటా పోతే మనమేం తినాల?" అని మా మరిది ఆ రోజు నిజంగానే బాధపడ్డాడు. అతని మాటలోనూ న్యాయం ఉంది, సీజన్ లేని నెలల్లో ఆ 300 కూడా లెక్కే. నాకు మాత్రం జాలీ కడగడానికి మనిషిని పంపి డబ్బు తీసుకోవడం మనస్కరించదు. ప్లగ్ తీసి, చేత్తో అయ్యే పనైతే చెప్తాను. స్క్రూ డ్రైవర్ కావాల్సిన పనైతే మేమే వస్తామంటాను. ఈ విషయంలో మా ఇద్దరికీ ఇంకా పొత్తు కుదరలేదు.

వాట్సాప్‌లో ఎక్కువగా వచ్చేది రేటు అడిగే మెసేజ్. "గ్యాస్ ఎంత?" అని రెండు మాటలు. అదే ప్రశ్న నాలుగు షాపులకూ పంపి ఉంటారని తెలుస్తూనే ఉంటుంది. మొదట్లో నేను ఒక అంకె చెప్పేసేదాన్ని, దాని మీద బేరం నడిచేది. మా ఆయన అలా వద్దన్నారు. ఏసీలో గ్యాస్ వాడకంతో అయిపోదు, తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. లీకు కట్టకుండా గ్యాస్ నింపితే కొన్నాళ్లకు మళ్లీ పోతుంది. ఇప్పుడు ఈ మాటనే నాలుగు వరుసల్లో రాసి యాప్‌లో క్విక్ రిప్లైగా పెట్టుకున్నాను, చిన్న గుర్తు కొడితే మొత్తం వస్తుంది. అది చదివి కొందరు మాట్లాడకుండా పోతారు. కొందరు "అయితే లీకు చూడండి" అంటారు. అలా అన్నవాళ్లతో తర్వాత గొడవలు రాలేదు.

ఫోన్ చేసేవాళ్ల తీరు పూర్తిగా వేరు. వాళ్లకు రేటు రెండో మాట. ఫ్రిజ్‌లో ఇన్సులిన్ ఉంది, ఇంట్లో పసిబిడ్డ ఉంది, ఫంక్షన్ ఉంది, ఇప్పుడు రాగలరా లేదా అన్నదే మొదటి మాట. వయసులో పెద్దవాళ్లు దాదాపు అందరూ కాలే చేస్తారు. ఇక్కడ మా నొప్పి మిస్డ్ కాల్స్. నంబరు మా ఆయన ఫోన్లో ఉంది, ఆయన రెండు చేతులూ పనిలో ఉంటాయి. వాట్సాప్‌కు నేను జవాబివ్వగలను గానీ, ఆ కాల్ నా ఫోన్లో మోగదు. బటన్ వల్ల కాల్స్ పెరిగాయి, ఎత్తనివి కూడా పెరిగాయి. ఏప్రిల్‌లో కొన్ని సాయంత్రాలు ఆయన ఫోన్లో ఎర్రటి మిస్డ్ కాల్స్ వరుస చూస్తే ఏడుపొచ్చేది. అర్ధగంట తర్వాత తిరిగి చేస్తే "వేరేవాళ్లు వచ్చేశారండీ" అనేవాళ్లు. మే మొదట్లో ఆ ఫోన్‌నే షాపులో నా దగ్గర ఉంచేశాం. ఆయన కొత్త సిమ్ ఉన్న ఫోన్‌తో పనికి వెళ్తారు, నేను అడ్రసు దానికి పంపుతాను. బటన్ పెట్టే ముందే ఈ ఏర్పాటు చేసుకోవాల్సింది, చేసుకునేవాళ్లకు ఇదొక్కటి గట్టిగా చెప్తాను.

రాత్రి మెసేజ్‌లు మేము ఊహించనివి. పదకొండు దాటాక, ఏసీ ఆగి నిద్ర పట్టని మనిషి మెసేజ్ పెడతాడు. యాప్‌లో షాపు వేళలు పెట్టి, రాత్రి తొమ్మిది తర్వాత "ఉదయం ఎనిమిదికి మొదట మీకే ఫోన్ చేస్తాం" అని వెళ్లేలా చేశాం. ఆ మాట నిలబెట్టుకోవాలి. ఉదయం టీ తాగుతూనే ఆ వరుస పట్టుకుంటాను, అలా పట్టుకున్న పనులు చాలావరకు మావే అవుతాయి.

పనికిరానివీ వస్తాయి. సైటును పైకి తెస్తామనేవాళ్లు, లోన్లు ఇస్తామనేవాళ్లు, పని అడిగే కుర్రాళ్లు. కుర్రాళ్ల నంబర్లు మాత్రం దాచుకుంటాను, సీజన్‌లో పనికొస్తారు. ఒకసారి క్యాంపులో ఎనిమిది ఏసీలు సర్వీస్ చేయాలని, తాను ఆర్మీలో ఉన్నానని ఒకడు హిందీలో మెసేజ్ పెట్టాడు. బేరం కూడా ఆడలేదు, అడ్వాన్స్ పంపుతానని క్యూఆర్ కోడ్ పంపి స్కాన్ చేయమన్నాడు. డబ్బు రావడానికి మనం స్కాన్ చేయక్కర్లేదు, పిన్ కొట్టక్కర్లేదు. పిన్ అడిగిందంటే మన ఖాతాలోంచి పోతోందని అర్థం. షాపు అడ్రసుకు వచ్చి క్యాష్ ఇమ్మన్నాను, బ్లాక్ చేసి పోయాడు. నంబరు సైటులో అందరికీ కనిపించేలా పెట్టాక ఇలాంటివి వస్తాయని షాపులో ఫోన్ పట్టుకునే ప్రతి మనిషికీ ముందే చెప్పి ఉంచాలి.

లెక్కల మాట. ఫిబ్రవరితో ఏప్రిల్‌ను పోల్చి బటన్ మహిమ అనుకుంటే అది తప్పు, ఏప్రిల్‌లో బటన్ లేకపోయినా కడపలో ఏసీ పనులుంటాయి. అందుకని పోయిన ఏడాది ఏప్రిల్ పనుల పుస్తకం తీసి పక్కన పెట్టుకున్నాను. అప్పుడు సైటు చూసి వచ్చామన్నవాళ్లు నెల మొత్తానికి పది మంది లోపే. ఈ ఏప్రిల్‌లో మొదటి వరుస ఉన్న వాట్సాప్ మెసేజ్‌లే డెబ్బై దాకా వచ్చాయి. వాటిలో సగం రేటు అడిగి ఆగిపోయినవి. పనిగా మారినవి ఇరవై పైచిలుకు. కాల్స్‌కు అంత గట్టి లెక్క లేదు, ఎక్కడ చూసి చేశారని అడిగితేనే తెలుస్తుంది, హడావుడిలో అన్నిసార్లూ అడగలేను. అడిగినంతలో, సైటు నుంచి కాల్ చేసిన ముగ్గురిలో ఇద్దరు పని ఇచ్చారు. అంటే వాట్సాప్ మనుషుల్ని ఎక్కువ తెస్తుంది, కాల్ పనిని ఎక్కువ తెస్తుంది. మొత్తం పనుల్లో పెరిగిందంతా బటన్ వల్లే అని నేను అనను. ఈసారి మా పక్క వీధిలో ఒక షాపు మూతపడింది, దాని కస్టమర్లు కూడా కొందరు మాకొచ్చారు. రెండుసార్లు తిరగాల్సిన పనులు తగ్గడం మాత్రం స్టిక్కరు ఫోటోల వల్లే, పెట్రోలు ఖర్చు రాసే పేజీలో అది తెలుస్తోంది.

అబ్బాయికి మొదట 1,500, పట్టీ మార్చినప్పుడు ఇంకో 500 ఇచ్చాం. కొత్త సిమ్ రీచార్జ్ ప్రతినెలా ఉంటుంది. అంతకు మించి చేతి నుంచి ఏమీ పడలేదు, నా సమయం తప్ప. ఆ సమయం తక్కువేమీ కాదు, సీజన్‌లో రోజుకు రెండు గంటలు పోతుంది.

ఆ పాత ఫారం ఇంకా సైటులోనే ఉంది, దాన్ని తీసేయమని చెప్పాను. చలికాలం ముందే గీజర్లకు విడిగా పేజీ కావాలి, దానికి "గీజర్ రిపేరు కావాలి" అనే వరుసతో బటన్ కావాలి. వచ్చే ఆదివారం కూర్చుంటానన్నాడు.